అమ్మ ఏం చేస్తుందన్న ప్రశ్న

2018 మార్చిలో ఒక ఉదయం. ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో ఒక గుండ్రటి బల్ల చుట్టూ ఐదారుగురం కూర్చుని ఉన్నాం. సివిల్ సర్వీసెస్ ఇంటర్వ్యూకు పిలుపు అందుకుని వచ్చినవాళ్లం. ధ్రువపత్రాల పరిశీలన అయిపోయింది. ఎవరి పేరు ముందు పిలుస్తారో తెలియదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఒకతను మాటలు కలిపాడు. ఏ ఊరు, ఏ ఐచ్ఛికాంశం, ఎన్నో ప్రయత్నం అన్న ప్రశ్నలు అయ్యాక, ఒక్కొక్కరినీ తల్లిదండ్రుల గురించి అడిగాడు. ఒకరి తండ్రి ఇంజనీరు, ఒకరి తల్లి బ్యాంకు మేనేజరు, మరొకరి తాత స్వయంగా ఐఏఎస్ అధికారి. వంతు నా దాకా వస్తోంది. నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి.

ఆ ప్రశ్న కోసం నేను నెల రోజులుగా సిద్ధపడుతున్నాను. అయితే దాన్ని ముందుగా బోర్డు అడుగుతుందనుకున్నాను కాని, బల్ల దగ్గరే ఎదురవుతుందని ఊహించలేదు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న మునిసిపల్ పట్టణం. మాదిగ కుటుంబం. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. అమ్మ మునిసిపాలిటీలో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా నన్ను చదివించింది సాంఘిక సంక్షేమ గురుకులం. కళాశాలలో సెమినారు ఇవ్వమంటే జ్వరం తెచ్చుకునే మనిషిని. నా జీవితంలో అదే మొదటి ఇంటర్వ్యూ.

ఆ పరీక్ష తీరు తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. రాత పరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275. కమిషన్ సభ్యులొకరు అధ్యక్షత వహించగా మరికొందరు నిపుణులు కూర్చుంటారు. సుమారు అరగంట మాట్లాడతారు. రాతలో అభ్యర్థికి ఎన్ని మార్కులొచ్చాయో వాళ్లకు తెలియదు. వాళ్ల ముందు ఉండేది అభ్యర్థి నింపిన వివరాల పత్రం. పుట్టిన ఊరు, చదివిన బడి, తల్లిదండ్రుల వృత్తి, అభిరుచులు, అన్నీ అందులోవే. కులం పేరు ఎవరూ పలకనక్కర లేదు. ‘సాంఘిక సంక్షేమ గురుకులం’ అన్న మూడు మాటలు చాలు. తల్లి వృత్తి గడి మిగిలిన సందేహాన్ని తీర్చేస్తుంది. ఈ సంగతి బోర్డుకు తెలుస్తుందా లేదా అన్నది కాదు, తెలిసిపోయిందన్న ఎరుకతో అభ్యర్థి ఆ గదిలోకి నడవడమే అసలు బరువు.

ఢిల్లీ వెళ్లేముందు హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థ నమూనా ఇంటర్వ్యూకు వెళ్లాను. అక్కడి పెద్దాయన నా పత్రం చూసి సానుభూతితోనే ఒక సలహా ఇచ్చాడు. “అమ్మగారి సంగతి అడిగితే మునిసిపల్ శాఖలో ఉద్యోగం అనండి. అబద్ధం కాదుగా. అంతకు మించి లాగనివ్వకండి” అన్నాడు. నేను ఆ వాక్యాన్ని కంఠస్థం చేశాను. మా పిన్ని కొడుకు తన ఫోనులో నా జవాబులు రికార్డు చేసి వినిపించేవాడు. నాలుగైదు రికార్డులు విన్నాక వాడొక విషయం కనిపెట్టాడు. “అక్కా, నేపాల్ గురించి అడిగితే బాగానే చెప్తున్నావు. ద్రవ్యలోటు గురించీ బాగానే చెప్తున్నావు. పెద్దమ్మ మాట వచ్చినప్పుడల్లా నీ గొంతు దిగిపోతోంది. ఆ తర్వాత రెండు మూడు ప్రశ్నల దాకా మళ్లీ లేవడం లేదు” అన్నాడు.

మళ్లీ విన్నాను. వాడు చెప్పింది నిజం. ప్రతి రికార్డులోనూ ఒకే చోట నా స్వరం పడిపోతోంది. అప్పటిదాకా నేను బిడియస్తురాలినని, అది నా స్వభావమని నమ్ముతూ వచ్చాను. స్వభావమైతే అన్ని ప్రశ్నల దగ్గరా ఉండాలి. ఒక్క ప్రశ్న దగ్గరే గొంతు దిగిపోతున్నదంటే అది స్వభావం కాదు. ఎవరో నేర్పిన దాపరికం. దాచిన వాక్యం కింద నుంచి తర్వాతి ప్రశ్న ఎప్పుడు తవ్వుకొస్తుందోనని కాపలా కాస్తూ కూర్చున్న మనసుకు, ఎదుటివారి మాట వినే తీరిక ఎక్కడిది?

ఊరికి తిరిగి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె కోప్పడలేదు. “నేనేం పని చేస్తానో నీకు తెలుసా అసలు?” అని అడిగింది. తెలుసననుకున్నాను. నిజానికి తెలియదు. చదువుకునే పిల్ల ఆ వీధుల్లో కనిపించకూడదని ఆమే నన్ను దూరంగా ఉంచింది.

మర్నాటి నుంచి నాలుగు రోజులు ఆమె వెంట వెళ్లాను. తెల్లవారుజామున ఐదింటికి మస్తరు. తర్వాత మూడు చక్రాల బండి తోసుకుంటూ దాదాపు రెండు వందల యాభై ఇళ్లు. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంటి దగ్గరే వేరుచేసి ఇవ్వాలని అప్పట్లో అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పేవి. ఆ నిబంధనలను నేను పరీక్ష కోసం చదివాను. ఆ వీధుల్లో జరిగేది వేరు. అన్నం మెతుకులు, పగిలిన సీసాలు, వాడి పారేసిన బ్లేడ్లు, అన్నీ ఒకే సంచిలో కట్టి గుమ్మం ముందు పెడతారు. వీధి చివర బండి ఆపి వాటిని అమ్మ చేత్తో వేరు చేస్తుంది. ఆమె చూపుడువేలి మీది గీతలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అవి గాజుముక్కలు కోసిన గాట్లని ఆ నాలుగు రోజుల్లోనే తెలిసింది. సంచి చేతికిచ్చేటప్పుడు వేళ్లు తగలకుండా జారవిడిచే ఇళ్లేవో, మంచినీళ్లు అడిగితే సీసా వంచి దోసిట్లో పోసే ఇళ్లేవో ఆమె నాకు చూపించింది, బండి దారి చూపించినంత మామూలుగా.

నాలుగోనాడు ఇంటికొచ్చాక నా జవాబు ఆమెకు వినిపించాను. అందులో కష్టం గురించీ కన్నీళ్ల గురించీ చాలా ఉంది. ఆమె మధ్యలోనే ఆపేసింది. “నా పని చెప్పు. నా బాధ చెప్పొద్దు. వాళ్లు జాలిపడితే నీకు మార్కులొస్తాయేమో, నాకేమొస్తది?” అంది.

ఆ మాటతో జవాబు మూడు వాక్యాలకు దిగింది. మా అమ్మ మునిసిపాలిటీలో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. రోజూ రెండు వందల యాభై ఇళ్ల చెత్త తీసుకుంటుంది. చెత్తను ఇంటివాళ్లే వేరుచేయాలని నిబంధన ఉంది కాని, ఆ వీధుల్లో వేరుచేసేది మా అమ్మ. ఈ మూడు వాక్యాలు ఫోనులో విన్నప్పుడు గొంతు దిగలేదు. దాచడానికి ఏమీ మిగలకపోవడమే దానికి కారణం. తర్వాతి ప్రశ్న ఎటు నుంచి వచ్చినా అది నేను కళ్లారా చూసిన వీధిలోకే వస్తుంది.

ఒంగోలులో రైలెక్కి ఢిల్లీ చేరాను. ఇక ఆ బల్ల దగ్గరికి వద్దాం. నా వంతు వచ్చింది. మూడు వాక్యాలూ చెప్పాను. అడిగినతను “ఓ” అని తన ఫైలులోకి చూసుకున్నాడు. ఒక్క క్షణం అందరూ మౌనంగా ఉండిపోయారు. ఆ క్షణం కోసమే నేను ఇన్నేళ్లు భయపడ్డాను. అది వచ్చింది, గడిచింది. పక్కనున్న అమ్మాయి, “అయితే మావాళ్లు కట్టి పెట్టే సంచి కూడా ఎవరో ఇలాగే విప్పుతుంటారన్న మాట” అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. నా చేతుల చెమట ఆరింది. లోపలికి పిలిచేసరికి నాకు వణుకు లేదు.

మెయిన్స్ తెలుగులో రాశాను కనుక ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే కోరుకున్నాను. పక్కన దుబాసీ ఉన్నారు. బోర్డు మర్యాదగా మాట్లాడింది. అమ్మ పని గురించి అడిగారు. అక్కడి నుంచి కాంట్రాక్టు పద్ధతికి, చెత్త వేరుచేయడానికి సాగింది మాట. ‘మస్తరు’ దగ్గర దుబాసీ ఒక్క క్షణం ఆగితే, నేనే విడమరిచి చెప్పాను. ఆ ఏడు తుది జాబితాలో నా పేరు లేదు. తర్వాత చూసుకుంటే, వెనుకబడింది రాత మార్కుల్లోనే. ఇప్పుడు డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం చెబుతున్నాను.

ఇది నా ఒక్కదాని ధైర్యం కథగా మిగిలితే ఉపయోగం లేదు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద కంపెనీల నియామకాధికారులతో మాట్లాడారు. తాము ప్రతిభ తప్ప కులం చూడమన్న ఆ అధికారులే, అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ తప్పక అడుగుతామని చెప్పారు. కులాన్ని అడగకుండానే కులం తెలుసుకునే మర్యాదైన దారి అది. అంతకు చాలా ముందే, 1980 నవంబరులో, అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాల్లో రాతకు 100 మార్కులు, మౌఖికానికి 50. రెండు మూడు నిమిషాల్లో ముగిసిన ఆ ఇంటర్వ్యూలలో తల్లిదండ్రుల గురించి, నివాసం గురించి అడిగి పంపేశారన్నది విద్యార్థుల ఫిర్యాదు. మౌఖిక పరీక్షకు మొత్తంలో 15 శాతానికి మించి మార్కులు కేటాయించడం ఏకపక్షమని కోర్టు తేల్చింది. ఇంటర్వ్యూలను రికార్డు చేయడం మంచిదని కూడా సూచించింది.

మార్కులకు పరిమితి వచ్చింది. రికార్డింగు మాట మరుగున పడింది. ఉద్యోగానికి సంబంధం లేని చోట తల్లిదండ్రుల వృత్తి గడి ఎందుకుండాలో అడిగేవారు లేరు. అడగదలచుకుంటే అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్న అడగాలి, ఆ జవాబును దేనికి కొలమానంగా తీసుకుంటున్నారో ముందే రాసి ఉంచాలి. అప్పటిదాకా ఆ గడి బరువు మోసేది ఒక్క వైపు పిల్లలే. బ్యాంకు మేనేజరు కూతురు ఆ ప్రశ్నకు నెల రోజులు సాధన చేయనక్కర లేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూలకు వెళ్లే నా విద్యార్థుల మాటలు రికార్డు చేసి వింటుంటాను. ఉచ్చారణ తప్పులు దిద్దను. గొంతు ఎక్కడ దిగుతోందో మాత్రం గుర్తు పెట్టుకుంటాను. కిందటి నెల ఒకబ్బాయి గొంతు, వాళ్ల నాన్న చెప్పులు కుట్టే బంకు దగ్గర దిగింది. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆ బంకులో కూర్చుని రమ్మన్నాను.