చీర ఫొటోలో రంగు మార్చాలా? నేత, మడతలు, మెరుపు పోకుండా ఇలా చేయండి

జగ్గయ్యపేటలో మా పిన్ని వాట్సాప్‌లో చీరలు అమ్ముతుంది. ఒకే మంగళగిరి కాటన్ చీర ఆరు రంగుల్లో వస్తుంది, కానీ ఆరింటినీ కట్టించి ఫొటోలు తీసే టైమ్ ఉండదు. "ఒకటి తీస్తాను, మిగతా రంగులు నువ్వు మార్చిపెట్టరా" అంటుంది. వినడానికి చిన్న పనే. ఫోన్ ఎడిటర్‌లో ఒక రంగు పూసేస్తే మాత్రం చీర కాస్తా ప్లాస్టిక్ కవర్‌లా తయారవుతుంది. ఎందుకంటే మనం రంగుతో పాటు వెలుగునీడలనీ చెరిపేశాం.

ఫొటోలో మనకి నేతగా, కుచ్చిళ్ల మడతలుగా కనిపించేది చాలావరకు వెలుగులోని తేడా. అందుకే RGB వదిలి Lab అనే పద్ధతిలోకి వెళ్లాలి. ఇందులో L అంటే వెలుగు, 0 నుంచి 100 దాకా. a, b రెండూ కలిసి రంగు. L ని అలాగే ఉంచి a, b మాత్రం మారిస్తే నేత చెక్కుచెదరదు.

కానీ a, b లో అన్ని పిక్సెళ్లకీ ఒకే కొత్త విలువ పెట్టకూడదు. పట్టు మీద మెరిసే చోట కనిపించేది అద్దకం రంగు కాదు, లైటు రంగు. అందుకే అక్కడ తెల్లగా ఉంటుంది, a, b దాదాపు సున్నా. అక్కడ కూడా మెరూన్ పెడితే మెరుపు చచ్చిపోతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉన్న చీరైతే మడత మడతకీ మారే ఛాయ కూడా పోతుంది. దీనికి నాకు నచ్చిన ట్రిక్: a, b జంటని ఒక కాంప్లెక్స్ సంఖ్యగా తీసుకుని గుణించడం. ఇంటర్‌లో చదివిన లెక్కే.

```python
lab = cv2.cvtColor(img, cv2.COLOR_BGR2LAB)
z = lab[..., 1] + 1j * lab[..., 2]
z = z * (z1 / z0)
lab[..., 1], lab[..., 2] = z.real, z.imag
new = cv2.cvtColor(lab, cv2.COLOR_LAB2BGR)
out = img * (1 - m) + new * m
```

`img` float32లో, 0–1 మధ్య ఉండాలి. `z0` పాత చీర సగటు రంగు, `z1` కావాల్సిన రంగు, `m` చీర ఒళ్లు వరకే గీసిన మాస్క్ (మూడు ఛానెళ్లకీ సరిపోయేలా `m[..., None]` చేసుకోండి). సున్నాని దేనితో గుణించినా సున్నాయే కాబట్టి మెరుపు తెల్లగానే మిగులుతుంది. ఛాయల మధ్య తేడా కూడా అదే నిష్పత్తిలో కొత్త రంగు వైపు తిరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు వెలుగు దగ్గర. లేత నీలం చీరకి L 70 అనుకుందాం, మెరూన్‌కి 30. నేరుగా 40 తీసేస్తే మడతల నీడలన్నీ నల్లగా కలిసిపోతాయి. నిజంగా జరిగేది తీసివేత కాదు, గుణకారం: ముదురు బట్ట పడిన వెలుగులో తక్కువ వాటాని తిరిగి పంపిస్తుంది. L 70 అంటే దాదాపు 41 శాతం వెలుగు, L 30 అంటే 6 శాతం. కాబట్టి అసలు వెలుగు విలువల్ని సుమారు 0.15తో గుణించి మళ్లీ L కి మార్చాలి. మెరుపు ఉన్న చోట్ల మాత్రం ఈ గుణకాన్ని 1 వైపు జరపాలి, ఎందుకంటే దారానికి ఏ రంగు అద్దినా దాని పైనుంచి జారే మెరుపు దాదాపు అంతే ఉంటుంది.

మెరూన్ నుంచి లేత నీలానికి వెళ్లాలంటే ఇదే లెక్క తిరగబడి 6.5 రెట్లు పెంచాలి. అప్పుడు నీడల్లో దాగిన నాయిస్, జేపెగ్ గళ్లు కూడా అన్ని రెట్లూ బయటపడతాయి. అందుకే పిన్నికి చెప్పిన రూల్ ఒకటే: లేత రంగు చీరనే ఫొటో తియ్యి, ముదురు రంగులు నేను చేస్తా. అలాగని పూర్తి తెల్ల చీర వద్దు. `z0` సున్నాకి దగ్గరై భాగహారం పేలిపోతుంది, ఎక్కడపడితే అక్కడ రంగుల మచ్చలు వస్తాయి. చిక్కటి ఎరుపు కూడా వద్దు. ఫోన్ కెమెరాలో ఎరుపు ఛానెల్ తరచూ 255 దగ్గర ఆగిపోతుంది, ఆ ఛానెల్లో నేత వివరాలు ఇక ఉండవు.

మంగళగిరి చీరలు దీనికి బాగా కుదురుతాయి. ఒళ్లంతా సాదా, జరీ అంచు విడిగా ఉంటుంది కాబట్టి మాస్క్ గీయడం తేలిక. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే రంగులు అద్ది నేస్తారు, రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. దాన్ని నేను ముట్టుకోను.

ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. పైగా జేపెగ్ సాధారణంగా రంగుని వెలుగు కంటే సగం రిజల్యూషన్‌లో దాస్తుంది, కాబట్టి జరీ అంచు పక్కన పాత నీలం గీత మిగులుతుంది. 100 శాతం జూమ్‌లో అంచు వెంట ఒకసారి చూస్తే దొరికిపోతుంది. మాస్క్‌ని ఒకటి రెండు పిక్సెళ్లు బయటికి పెంచి, అంచుని కాస్త మెత్తన చేస్తే సరి.

నందిగామలో ఒక ఫ్రెండ్ సోఫా షాపుకీ ఇదే కోడ్ వాడాను. అక్కడ తప్పు పట్టించేది సోఫా కాదు, నేల టైల్స్. సోఫా గోధుమ రంగులోకి మారినా టైల్ మీద పాత నీలం ప్రతిబింబం అలాగే ఉండిపోయింది. ఆ ప్రతిబింబం మీద 30 శాతం బలంతో ఇంకో మాస్క్ వేశాక ఫొటో నిజంలా కనిపించింది. చీరలో అయితే ఇదే సమస్య మోచేతి దగ్గర, మెడ కింద చర్మం మీద వస్తుంది.

చివరి చెక్ ఒకటుంది: `z1` విలువని స్టాకులో ఉన్న అసలు చీర నుంచే తీసుకోండి. పిన్ని ఒక్కో రంగు చీరనీ తెల్ల కాగితం పక్కన పెట్టి, అదే కిటికీ వెలుగులో చిన్న ముక్క ఫొటో పంపుతుంది. కాగితం తెల్లగా వచ్చేలా సరిచేశాక ఆ ముక్క సగటు తీసుకుంటాను. స్టాకులో లేని రంగు ఫొటో మాత్రం గ్రూపులో పెట్టం.