ఒప్పుకున్న పని వేరు, అడిగిన పని వేరు

మంగళగిరిలో ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. దాని యజమాని 35,000 రూపాయలకు 5 పేజీల వెబ్‌సైట్ చేయించుకుంటున్నారు. పని సగంలో ఉండగా డిజైనర్‌కు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: 'ఆన్‌లైన్‌లో చీర కొనుక్కునేలా కూడా పెట్టేయండి, ఒక్క బటనే కదా!'

బటన్ ఒక్కటే, కానీ దాని వెనక పని చాలా ఉంటుంది. ప్రతి చీరకూ ఫొటో, ధర, స్టాకు ఎక్కించాలి. కార్ట్ కట్టాలి, పేమెంట్ గేట్‌వే కలపాలి. గేట్‌వే కంపెనీ దుకాణం కేవైసీ కాగితాలు అడుగుతుంది, సైట్‌లో రీఫండ్ నిబంధనల పేజీ ఉందో లేదో చూస్తుంది.

మొహమాటానికి పోయి 'చూద్దాంలెండి' అంటే అవతలివారు సరేనన్నట్టే తీసుకుంటారు. 'కుదరదండీ' అని ఊరుకుంటే సంబంధం చెడుతుంది. అందుకే జవాబు రాతలోనే, అదే రోజు వెళ్లాలి. అయితే ముందు కొటేషన్ తీసి చూసుకోవాలి. ఒప్పుకున్న ఎంక్వయిరీ ఫారం ఫోన్‌లో తెరుచుకోకపోతే అది డిజైనర్ లోపం, దాన్ని ఉచితంగానే సరిచేయాలి. కొటేషన్‌లో 'వెబ్‌సైట్' అన్న ఒక్క మాటే ఉంటే ఏది అదనమో తేల్చడం కష్టం. అలాంటప్పుడు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. ఇక్కడ మాత్రం వివరాలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఇలా రాయొచ్చు:

'నమస్కారమండీ. ఆన్‌లైన్ అమ్మకాల గురించి మీరు పంపిన మెసేజ్ చూశాను. మనం ఒప్పుకున్న కొటేషన్‌లో 5 పేజీలు, ఎంక్వయిరీ ఫారం ఉన్నాయి. కార్ట్, పేమెంట్ గేట్‌వే లేవు. అందువల్ల ఆ ధరలో ఇవి చేయలేను, విడిగా చేసిస్తాను. 40 చీరల వరకు ఎక్కించడంతో కలిపి 22,000 రూపాయలు, 12 పనిదినాలు. ఇప్పుడే కలుపుకుంటే సైట్ అన్ని రోజులు ఆలస్యమవుతుంది. లేదంటే ముందు 5 పేజీలు అనుకున్న తేదీకి ఇచ్చి, ఇది రెండో విడతగా చేస్తాను. మీరు ఏది సరేనంటే అది. శుక్రవారంలోగా చెప్పండి. అప్పటిదాకా పాత పని ఆగదు.'

ఇందులో క్షమాపణ లేదు, నిష్ఠూరం లేదు. 'చేయలేను' అన్న మాట ఒక్కసారే వచ్చింది, వెంటనే దారి కూడా కనిపించింది. '40 చీరల వరకు' అన్న హద్దు ముఖ్యం. అది లేకపోతే రేపు 200 ఫొటోలు వచ్చి పడతాయి.

బేరం మొదలైతే ధర ఒక్కటే తగ్గించకూడదు, పని కూడా తగ్గించాలి. 15 చీరలతో మొదలుపెడితే 16,000 అని చెప్పొచ్చు.

యజమాని ఫోన్‌లోనే సరేనంటే, మాట్లాడుకున్నది వెంటనే మెసేజ్‌గా పంపి 'ఓకే' అని జవాబు తీసుకోవాలి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల అవతలివారు లాభం పొందితే పరిహారం అడగవచ్చు. కానీ ఆ ఉద్దేశాన్ని తర్వాత రుజువు చేసుకోవడం పెద్ద తలనొప్పి. లిఖితపూర్వకంగా ఒప్పుకోలు, సగం అడ్వాన్సు అందాకే కార్ట్ పని మొదలుపెట్టాలి.