పసిపిల్లలకు మాక్ డ్రిల్: రెండు ఆటలు, రెండు సంకేతాలు

అగ్నిప్రమాదం సంభవించినపుడు గది నుండి వెంటనే వెలుపలికి రావాలి. భూమి కంపించినపుడు మాత్రం ఉన్నచోటనే తలను కాపాడుకుని, కంపనం ఆగిన తరువాతనే వెలుపలికి రావాలి. ఈ రెండు నియమాలు ఒకదానికొకటి విరుద్ధమైనవి. మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు రెండింటినీ ఒకే గంటతో, ఒకే రోజున నేర్పినట్లయితే వారు తికమకపడతారు. అందువలన ఒక్కొక్క ప్రమాదానికి ఒక్కొక్క ఆటను, ఒక్కొక్క సంకేతాన్ని కేటాయించి, కొన్ని వారాల వ్యవధితో నేర్పడం అవసరం.

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాలలో చెలరేగిన మంటలు పూరికప్పుకు అంటుకుని 94 మంది చిన్నారులు మరణించారు. పాఠశాలల్లో అగ్నిమాపక పరికరాలు, సిబ్బందికి శిక్షణ ఉండాలని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక భూకంపాల విషయానికి వస్తే, 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతాలు కంపించాయి.

రైలు ఆట (అగ్నిప్రమాదం)

ఒక గదిలో 24 మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా ఉన్నారనుకుందాం. సుమారు 12 మీటర్ల తాడుకు అరమీటరుకు ఒకటి చొప్పున 24 ముడులు వేసి తలుపు పక్కన తగిలించాలి. గంట ఎడతెగకుండా మోగగానే ప్రతి బిడ్డ ఒక ముడిని పట్టుకోవాలి. టీచరు ఇంజను, ఆయా గార్డు. రైలు నడుస్తుంది గాని పరుగెత్తదు, కూత కూయదు, వెనక్కు రాదు. ఆవరణలో ముందే నిర్ణయించిన చెట్టు వద్ద రైలు ఆగుతుంది. అక్కడ టీచరు ఆనాటి హాజరు పట్టీతో తలలు లెక్కిస్తారు.

ఈ ఆటలో మొదట వచ్చినవారికి బహుమతి ఇవ్వరాదు. ఇచ్చినట్లయితే పిల్లలు నేర్చుకునేది ద్వారం వద్ద తోసుకోవడమే. చివరి బిడ్డ చెట్టు చేరి లెక్క సరిపోయినపుడే అందరూ గెలిచినట్లు. జపాన్‌లో పిల్లలకు ‘తోయవద్దు, పరుగెత్తవద్దు, మాట్లాడవద్దు, వెనక్కు వెళ్ళవద్దు’ అన్న నాలుగు నియమాల తొలి అక్షరాలను కలిపి ‘ఒకాషిమో’ అనే ఒక్క మాటగా నేర్పుతారు.

మన కేంద్రాలలో సాధారణంగా కనిపించే అడ్డంకి గుమ్మం ముందు విడిచిన చెప్పుల గుంపు. మొదటి బిడ్డ తడబడితే వెనుకవారంతా ఆగిపోతారు. లేదా తన చెప్పుల కోసం వంగిన బిడ్డపై పడతారు. చెప్పులను గోడ పక్కకు జరిపించి, ఖాళీ కాళ్ళతోనే రైలు నడిపించాలి.

పసిపిల్లలు మంటలకు భయపడి బల్ల కిందనో, మరుగుదొడ్డిలోనో దాక్కునే అవకాశం ఉంది. కాబట్టి గార్డు ఆ చోట్లను చూసిన తరువాతనే గది వదలాలి. పొగ పైకి చేరుతుంది గనుక, ఇద్దరు పెద్దలు నడుమెత్తున దుప్పటి పట్టుకుని, దానికి తగలకుండా పిల్లలను కిందుగా పాకించడం మరొక రోజు నేర్పవచ్చు.

తాబేలు ఆట (భూకంపం)

దీనికి సంకేతం గంట కాదు, డప్పు. డప్పు మోగగానే పిల్లలు కిటికీలు, బీరువాలకు దూరంగా జరిగి, మోకాళ్ళపై వంగి, రెండు చేతులతో తల, మెడ కప్పుకోవాలి. గట్టి బల్ల ఉంటే దాని కిందకు చేరి కాలు పట్టుకోవాలి. టీచరు నెమ్మదిగా ముప్పై లెక్కించేవరకు తాబేలు తల ఎత్తదు. డప్పు ఆగిన తరువాతనే తాడు తీసి రైలు కట్టాలి. గోడలకు, విద్యుత్ తీగలకు దూరంగా ఆరుబయట నిలవాలి. మళ్ళీ కంపించవచ్చు గనుక పెద్దలు చెప్పనిదే లోపలికి రారాదు.

ఈ పద్ధతి కప్పు కూలిపోదన్న అంచనాపై ఆధారపడినది. బలహీనమైన మట్టిగోడల గదికి ఇంజనీరు సలహా తీసుకుని, ఆ గదికి తగిన పద్ధతిని ముందే నిర్ణయించాలి. ఒకే ద్వారం, పూరికప్పు, పక్కనే వంటగ్యాసు ఉన్న గదిలోని లోపాన్ని ఏ ఆటా సరిదిద్దలేదు.

జరుగుతున్నది ఆట అని పిల్లలకు ముందుగా చెప్పాలి. నిజమైన పొగ వాడడం, హఠాత్తుగా భయపెట్టడం తగదు. ఏడ్చిన బిడ్డను ఆయా చేయి పట్టుకుని నడిపించాలి. జపాన్‌లో శిశు సంరక్షణ కేంద్రాలు నెలకు కనీసం ఒకసారి ఇటువంటి విన్యాసం జరపాలన్న నిబంధన ఉంది.

తనిఖీకి వెళ్ళిన అధికారి ఎన్ని నిమిషాలలో బయటపడ్డారన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోరాదు. తాడుపై ఖాళీ ముడి ఉందా, గుమ్మం వద్ద పిల్లలు గుమిగూడారా, డప్పు మోగగానే ఎవరైనా బయటకు పరుగెత్తారా, చెట్టు కింద లెక్క హాజరు పట్టీతో సరిపోయిందా అన్నవి చూడాలి. డప్పుకు పిల్లలు పరుగెత్తినట్లయితే రెండు సంకేతాలు కలిసిపోయాయని అర్థం. అప్పుడు రైలు ఆటను కొంతకాలం ఆపి, తాబేలు ఆటను మొదటి నుండి నేర్పవలసి ఉంటుంది.