ఈసీజీ గీతను వంచే ఆలస్యం

ఒకే మనిషి, ఒకే మంచం, ఛాతీ మీద అవే ఎలక్ట్రోడ్లు. నిమిషం తేడాతో రెండు ఈసీజీలు తీశారనుకుందాం. మొదటి కాగితం మీద గీత మామూలుగా ఉంది. రెండో దాంట్లో మాత్రం ప్రతి నిటారు శిఖరం తర్వాత గీత కాస్త కిందికి దిగి, మెల్లగా పైకి పాకుతోంది. శిఖరం తర్వాత వచ్చే ఆ భాగాన్ని డాక్టర్లు ఎస్‌టీ సెగ్మెంట్ అంటారు. అది దిగిందంటే గుండె కండరానికి రక్తం సరిగా అందడం లేదేమోనని అనుమానించాల్సి ఉంటుంది. ఇక్కడ గుండెలో మార్పేమీ లేదు. మారింది యంత్రంలోని ఒక సెట్టింగ్ మాత్రమే. మొదటిసారి 0.05 హెర్ట్జ్ మీదున్న ఫిల్టర్‌ను రెండోసారి 0.5కు మార్చారు.

ఆ ఫిల్టర్ అవసరం నిజమైనదే. రోగి ఊపిరి తీసి వదులుతుంటే ఛాతీ కదులుతుంది, దాంతో గీత మొత్తం మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది. ఈ ఊగిసలాట సెకనుకు పావు వంతు, అంటే 0.25 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. 0.5 హెర్ట్జ్ కంటే నెమ్మదైన కదలికలను అణిచేస్తే గీత నిలకడగా కనిపిస్తుంది. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటే అందులోని అతి నెమ్మదైన అంశం కూడా 1 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది కాబట్టి దానికి పెద్దగా దెబ్బ తగలకూడదు. లెక్క ప్రకారం సాదా ఫిల్టర్ 1 హెర్ట్జ్ దగ్గర ఎత్తును 11 శాతం మాత్రమే తగ్గిస్తుంది. మరి ఆకారం అంతగా ఎందుకు చెడింది?

అసలు చిక్కు ఎత్తుల్లో కన్నా సమయాల్లో ఉంది. చిన్న లెక్కతో చూద్దాం.

ఏ ఆకారమున్న తరంగాన్నైనా రకరకాల వేగాలతో ఊగే సైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చు. రెండింటినే తీసుకుందాం: ఎత్తు 1 ఉన్న 1 హెర్ట్జ్ తరంగం, ఎత్తు 0.33 ఉన్న 3 హెర్ట్జ్ తరంగం. రెండూ సున్నా దగ్గర కలిసే బయలుదేరతాయి. 125 మిల్లీసెకన్ల వద్ద మొదటిది 0.71కి, రెండోది 0.24కి చేరతాయి, మొత్తం 0.94. 250 దగ్గర మొదటిది తన శిఖరం 1 మీద ఉంటే రెండోది –0.33లో ఉంటుంది, మొత్తం 0.67. 375 దగ్గర మళ్లీ 0.94. అంటే రెండు మూపులు, మధ్యలో చిన్న పల్లం, మొత్తానికి చదునుగా కనిపించే తల.

దీన్ని రెండు తరంగాలనూ సమంగా 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేసే ఫిల్టర్‌లోంచి పంపుదాం. ఒక పూర్తి ఊపును 360 డిగ్రీలనుకుంటే, 1 హెర్ట్జ్ తరంగానికి 100 మిల్లీసెకన్లంటే ఊపులో పదో వంతు, 36 డిగ్రీలు. 3 హెర్ట్జ్ తరంగం అదే వ్యవధిలో మూడు రెట్లు తిరుగుతుంది కనుక దానికి 108 డిగ్రీలు. ఇప్పుడు 225వ మిల్లీసెకనులో మొత్తం 0.94, 350లో 0.67, 475లో మళ్లీ 0.94. ఒక్క అంకె కూడా మారలేదు, అన్నీ 100 మిల్లీసెకన్లు వెనక్కి జరిగాయంతే. ఊరేగింపులో అందరూ పావుగంట ఆలస్యంగా కదిలితే వరుస చెదరదు కదా.

ఫ్రీక్వెన్సీని అడ్డంగా, ఫేజ్‌ను నిలువుగా పెట్టి గ్రాఫ్ గీస్తే పై ఫిల్టర్‌ది సున్నా నుంచి బయలుదేరే సరళరేఖ అవుతుంది. 1 దగ్గర 36, 3 దగ్గర 108, 10 దగ్గర 360. లీనియర్ ఫేజ్ అనేది దీన్నే. ఆ రేఖ వాలు హెర్ట్జ్‌కు 36 డిగ్రీలు. 360తో భాగిస్తే 0.1 సెకను. ఈ వాలునే గ్రూప్ డిలే అంటారు. రేఖ వంగని చోట వాలు అంతటా ఒకటే, కాబట్టి ఆలస్యమూ అందరికీ ఒకటే.

ఇప్పుడు రెండు తరంగాలనూ 90 డిగ్రీల చొప్పున జరిపే మరో ఫిల్టర్‌ను ఊహిద్దాం. డిగ్రీలు సమానమే, న్యాయంగానే ఉన్నట్టుంది. కానీ 1 హెర్ట్జ్ తరంగానికి 90 డిగ్రీలంటే 250 మిల్లీసెకన్లు, 3 హెర్ట్జ్ తరంగానికి 83 మాత్రమే. ఫలితంగా 500వ మిల్లీసెకను దగ్గర రెండు శిఖరాలూ ఒకదాని మీద ఒకటి పడి మొత్తం 1.33కి లేస్తుంది. రెండు మూపులూ పోయి ఒకే ఒక్క మొన మిగులుతుంది. ఎత్తుల్లో రవ్వంత కూడా తగ్గించకుండానే ఫిల్టర్ ఆకారాన్ని పూర్తిగా మార్చేసింది.

ఇక్కడే విద్యార్థులను తికమకపెట్టే మెలిక ఒకటుంది. ఈ రెండో ఫిల్టర్ గ్రాఫ్ అడ్డంగా సాగే గీత, దాని వాలు సున్నా. అంటే గ్రూప్ డిలే అన్ని ఫ్రీక్వెన్సీలకూ సమానమే, అయినా ఆకారం నిలవలేదు. గ్రూప్ డిలే సమానంగా ఉండటం ఒక్కటే చాలదు, ఆ రేఖ సున్నా గుండా కూడా పోవాలి. చాలా పుస్తకాలు ఈ రెండో షరతును ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

ఈసీజీకి తిరిగి వద్దాం. 0.5 హెర్ట్జ్ సాదా ఫిల్టర్, అంటే ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్‌తో తయారయ్యేది, తరంగాలను కొంచెం ముందుకు జరుపుతుంది: 1 హెర్ట్జ్ దగ్గర 26.6 డిగ్రీలు, 2 దగ్గర 14, 10 దగ్గర 2.9, 11 దగ్గర 2.6. ఒకటికీ రెండుకీ మధ్య వాలు సుమారు 12.5 డిగ్రీలు, అంటే 35 మిల్లీసెకన్ల గ్రూప్ డిలే. పదికీ పదకొండుకీ మధ్య అది ఒక మిల్లీసెకను కూడా లేదు. నిటారు శిఖరాన్ని కట్టే వేగవంతమైన అంశాలు దాదాపు కదలకుండా ఉంటే, చదునైన భాగాలను కట్టే నెమ్మది అంశాలు వాటి చోటు తప్పుతున్నాయన్నమాట.

కాగితం మీద ఇది ఎంత కనిపిస్తుంది? క్యూఆర్ఎస్ అని పిలిచే ఆ శిఖరం స్థానంలో 1 మిల్లీవోల్ట్ ఎత్తు, 100 మిల్లీసెకన్ల వెడల్పు ఉన్న చదరపు దిమ్మెను పెడదాం. ఈ ఫిల్టర్ టైమ్ కాన్‌స్టాంట్ 318 మిల్లీసెకన్లు. దిమ్మె ముగిసేలోపే తల 1 నుంచి 0.73కి జారుతుంది. ఆ తర్వాత సిగ్నల్ ఒక్కసారిగా 1 మిల్లీవోల్ట్ పడిపోతే గీత సున్నా దగ్గర ఆగదు, –0.27కి వెళ్లి అక్కణ్నుంచి మెల్లగా తేరుకుంటుంది. ఈసీజీ కాగితం మీద 0.1 మిల్లీవోల్ట్ అంటే ఒక మిల్లీమీటరు. అంటే 2.7 మిల్లీమీటర్ల దొంగ పల్లం. అసలు శిఖరం చదరంగా కాక కోసుగా ఉంటుంది కాబట్టి నిజంలో ఇందులో సగం పడవచ్చు. కానీ ఒక మిల్లీమీటరు తేడాకే ఉలిక్కిపడే చోట అది కూడా ఎక్కువే.

0.05 హెర్ట్జ్ ఫిల్టర్‌లో అదే దిమ్మె తర్వాత పల్లం 0.03 మిల్లీవోల్టే. ఈ 0.05 ఎవరికో తోచి పెట్టిన సంఖ్య కాదు. ఈసీజీ యంత్రాలకు ఒక ప్రామాణిక పరీక్ష ఉంది: 3 మిల్లీవోల్ట్, 100 మిల్లీసెకన్ల దిమ్మెను పంపాలి, తర్వాత గీత 0.1 మిల్లీవోల్ట్‌కు మించి పక్కకు తప్పకూడదు. మన లెక్కను మూడుతో గుణిస్తే 0.093 వస్తుంది, గట్టు మీద నిలబడి గట్టెక్కినట్టే. 0.5 ఫిల్టర్‌కు వచ్చేది 0.81.

అయితే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1990లో చేసిన సిఫారసుల్లో ఒక వెసులుబాటు ఇచ్చింది. మామూలు ఫిల్టర్లకు 0.05 హెర్ట్జే హద్దు. ఫేజ్ వక్రీకరణ లేని డిజిటల్ ఫిల్టర్లయితే 0.67 హెర్ట్జ్ దాకా వెళ్లవచ్చు. 0.67 అంటే నిమిషానికి 40 స్పందనలు. గుండె అంతకన్నా నెమ్మదిగా కొట్టుకోవడం అరుదు. ఊపిరి ఊగిసలాట మాత్రం దీనికి చాలా కిందే ఉంటుంది.

ఇంత పెద్ద వెసులుబాటు ఎలా సాధ్యమైంది? అదే 0.5 ఫిల్టర్‌ను రికార్డయిన సిగ్నల్ మీద ఒకసారి ముందునుంచి వెనక్కి, మరోసారి వెనకనుంచి ముందుకు నడిపితే ఒక దారిలో జరిగిన ఫేజ్ మరో దారిలో తిరిగి సర్దుకుంటుంది. అప్పుడు మన దిమ్మెకు అటు 0.135, ఇటు 0.135 మిల్లీవోల్ట్ పల్లం వస్తుంది. ఇంతకుముందు మొత్తంగా శిఖరం తర్వాతే పడిన 0.27 ఇప్పుడు సరిసగాలుగా రెండు వైపులా పంచుకుంది. నెమ్మది అంశాలను తీసేసినప్పుడు పల్లం రాక మానదు, లీనియర్ ఫేజ్ దాన్ని మాయం చేయలేదు. కానీ డాక్టరు ఎస్‌టీ ఎత్తును శిఖరానికి ముందున్న గీతతో పోల్చి కొలుస్తారు. రెండూ ఒకే మేర దిగితే శిఖరం ముగిసిన చోట తేడా సున్నా. కొంచెం దూరంగా, 80 మిల్లీసెకన్ల తర్వాత కొలిస్తే 0.03 మిల్లీవోల్ట్ తేడా మిగులుతుంది. కాగితం మీద మిల్లీమీటరులో మూడో వంతు కూడా కాదది.

దీనికి చెల్లించే మూల్యం నిరీక్షణ. వెనకనుంచి నడపాలంటే సిగ్నల్ ముందే పూర్తిగా చేతిలో ఉండాలి. పది సెకన్ల ఈసీజీని తీశాక కాగితం మీద అచ్చువేసే యంత్రానికి ఇది ఇబ్బంది కాదు, రికార్డు రెండు చివర్లలో మాత్రం గీతను కొంచెం అనుమానంగానే చూడాలి. అప్పటికప్పుడు స్క్రీన్ మీద చూపాలంటే ఇంకో దారి ఉంది: గుణకాలు మధ్య బిందువుకు అటూ ఇటూ ఒకేలా ఉండే ఎఫ్ఐఆర్ ఫిల్టర్. ఆ సౌష్ఠవమే లీనియర్ ఫేజ్‌ను ఖాయం చేస్తుంది. కానీ 0.5 హెర్ట్జ్ అంత నెమ్మది కదలికను పట్టుకోవాలంటే గుణకాలు చాలా కావాలి. సెకనుకు 500 నమూనాలు తీసే యంత్రంలో 1001 గుణకాలు పెడితే ఆలస్యం 500 నమూనాలు, సరిగ్గా ఒక సెకను.

స్క్రీన్ మీద గుండె గీత ఒక సెకను వెనకబడితే చూసేవారికి నష్టం లేదు. లయ తప్పిన గుండెకు శిఖరం చూసి విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రానికి మాత్రం అది పనికిరాదు. షాక్ శిఖరం తర్వాత కొద్ది పదుల మిల్లీసెకన్లలోనే పడాలి, ఆలస్యమై టీ తరంగం మీద పడితే ప్రాణాంతకమైన లయకు దారితీయవచ్చు. అక్కడ ఆకారం కొంత చెడినా సరే, ఆలస్యం లేని ఫిల్టరే వాడతారు.

పక్కమంచం మానిటర్లలో మామూలుగా 0.5 ఫిల్టర్ ఉండేది లయ చూడటానికే. అక్కడ ఎస్‌టీ దిగినట్టు కనిపిస్తే పన్నెండు లీడ్ల ఈసీజీ తీయించడం అందుకే. ఆ కాగితం అడుగున సాధారణంగా 0.05-150 Hz లాంటి ఒక వరుస అచ్చయి ఉంటుంది. మొదటి సంఖ్య 0.5 అని ఉండి, ఫిల్టర్ ఫేజ్ వక్రీకరణ లేని రకమని యంత్రం మాన్యువల్‌లో రాసి లేకపోతే, సెట్టింగ్ మార్చి ఈసీజీ మళ్లీ తీయాలి.