ఉచిత సర్వీసుకూ ఒక ధర ఉంటుంది

వాటర్ ప్యూరిఫయర్ కొనడానికి షోరూమ్‌కి వెళ్తే సేల్స్‌మన్ ఒకే ధర చెబుతాడు. యంత్రం, ఇంటికొచ్చి బిగించడం, మూడేళ్ల సర్వీసు, మధ్యలో మార్చాల్సిన ఫిల్టర్లు అన్నీ కలిపి 24,000 రూపాయలు అనుకుందాం. జీఎస్టీ అదనం. అది ప్రభుత్వానికి చేరాల్సిన సొమ్ము కాబట్టి కంపెనీ ఆదాయంలోకి రాదు. కొన్నవారు డబ్బంతా ఆ రోజే కట్టేస్తారు. మరి ఆ రోజున కంపెనీ ఎంత సంపాదించినట్టు?

మొత్తం 24,000 అనిపించడం సహజం. డబ్బు చేతికి వచ్చింది, బిల్లు కూడా ఇచ్చారు. కానీ టెక్నీషియన్ ఇంకా ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. మూడేళ్లపాటు చేయాల్సిన పని అలాగే మిగిలి ఉంది. మన దేశంలో పెద్ద కంపెనీలు 2018 ఏప్రిల్ 1 నుంచి పాటిస్తున్న ఇండ్ ఏఎస్ 115 అనే ప్రమాణం చెప్పేది ఇదే: డబ్బు ఎప్పుడు వచ్చిందన్నది ఆదాయాన్ని తేల్చదు, ఇచ్చిన మాట ఎప్పుడు నెరవేరిందన్నదే తేలుస్తుంది. అంతర్జాతీయంగా 2014లో వెలువడిన ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 దీనికి మూలం.

ముందుగా ఒప్పందంలో విడివిడి మాటలు ఎన్ని ఉన్నాయో చూడాలి. వీటిని అకౌంటెంట్లు పర్ఫార్మెన్స్ ఆబ్లిగేషన్లు అంటారు. కొన్నవారికి అది విడిగా ఉపయోగపడాలి, ఒప్పందంలోని మిగతా వాటితో విడదీయలేనంతగా ముడిపడి ఉండకూడదు. ఇవీ పరీక్షలు. మన ప్యూరిఫయర్‌ను ఊళ్లో ప్లంబింగ్ తెలిసిన ఎవరైనా బిగించగలరు కాబట్టి బిగింపు వేరే బాధ్యత. సర్వీసు మరో బాధ్యత. యంత్రం సరేసరి. అదే యంత్రంలో తయారీ లోపం ఉంటే ఏడాదిలోపు బాగుచేసి ఇస్తామనే మామూలు వారంటీ వేరే బాధ్యత కిందకు రాదు. అమ్మిన వస్తువు చెప్పినట్టే ఉందని ఇచ్చే భరోసా అది. దానికయ్యే ఖర్చును అంచనా వేసి పక్కన పెడితే చాలు.

మూడు బాధ్యతలు తేలాయి. ఇప్పుడు 24,000ను వాటికి పంచాలి. ఇందుకు కొలబద్ద, కంపెనీ వాటిని దేనికది విడిగా అమ్మితే వచ్చే ధర. యంత్రం ఒక్కటే కొంటే 17,000, బిగింపు 1,000, మూడేళ్ల ఏఎంసీ 12,000 అనుకుందాం. కలిపితే 30,000. ప్యాకేజీ 24,000 కాబట్టి విడి ధరల్లో 80 శాతమే కంపెనీకి వస్తోంది. ఆ తగ్గింపును మూడింటికీ అదే నిష్పత్తిలో వేస్తే యంత్రం వాటా 13,600, బిగింపు వాటా 800, సర్వీసు వాటా 9,600 అవుతాయి.

జనవరి 1న అమ్మి, అదే రోజు బిగించారనుకోండి. మార్చి 31న ఖాతాలు ముగించేనాటికి యంత్రం, బిగింపు తాలూకు 14,400 పూర్తిగా ఆదాయమే. సర్వీసు మాత్రం 36 నెలల్లో మూడు నెలలే గడిచింది కాబట్టి నెలకు సమానంగా లెక్కిస్తే 800 ఆదాయం. మొత్తం 15,200. మిగిలిన 8,800 బ్యాంకులోనే ఉన్నా, బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు 'కాంట్రాక్ట్ లయబిలిటీ'గా కూర్చుంటుంది. కంపెనీ ఇంకా చేయాల్సిన పని విలువ అది.

సర్వీసు ఉచితమని బిల్లులో రాసి మొత్తం 24,000ను ఆ రోజే ఆదాయంగా చూపిస్తే ఏమవుతుంది? పది వేల యంత్రాలు అమ్మిన కంపెనీకి ఆ ఏడాది ఆదాయం 8 కోట్ల 80 లక్షలు ఎక్కువ కనిపిస్తుంది. వచ్చే ఏడాది అమ్మకాలు మందగిస్తే, టెక్నీషియన్ల జీతాలూ ఫిల్టర్ల ఖర్చూ వస్తూనే ఉంటాయి, వాటికి ఎదురుగా చూపడానికి ఆదాయం మాత్రం మిగలదు. బిల్లులో ఏ వస్తువు ఎదుట ఏ అంకె రాశారన్నది అందుకే చెల్లదు. రాసిన ధర నిజమైన విడి ధర కావచ్చు, కాకపోవచ్చు. దాన్ని నిరూపించాల్సిన భారం కంపెనీదే.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. విడి ధర ఎక్కడ దొరుకుతుంది? కంపెనీ ఆ వస్తువును అలాంటి వినియోగదారులకే విడిగా అమ్ముతుంటే ఆ అమ్మకాల బిల్లులే మొదటి సాక్ష్యం. మన ఉదాహరణలో మూడేళ్లు గడిచాక నాలుగో ఏడాదికి జనం ఏఎంసీని ఎంతకు పొడిగించుకుంటున్నారో చూస్తే చాలు. ఎక్కువమంది ఏడాదికి 4,000 చొప్పున కడుతుంటే 12,000 అన్న అంకెకు గట్టి ఆధారం ఉన్నట్టే. ఎంఆర్‌పీని పట్టుకుంటే మాత్రం లెక్క చెడుతుంది. అట్టపెట్టె మీద 25,000 అని అచ్చువేసి ఏడాది పొడవునా 17,000కే అమ్మే యంత్రానికి విడి ధర 17,000. పొరపాటునో కావాలనో 25,000 తీసుకుంటే, ప్యాకేజీలో యంత్రం వాటా 13,600 నుంచి దాదాపు 15,800కు ఎగబాకుతుంది. సర్వీసు వాటా ఆ మేరకు చిక్కిపోతుంది. రేపటి ఆదాయం చడీచప్పుడు లేకుండా ఈరోజుకు జరిగిపోతుంది.

ఆ సర్వీసును కంపెనీ ఎన్నడూ విడిగా అమ్మకపోతే? అప్పుడు అంచనా వేయాలి. పోటీ కంపెనీలు అలాంటి సర్వీసుకు ఎంత తీసుకుంటున్నాయో చూసి మన పరిస్థితికి తగ్గట్టు సవరించుకోవడం ఒక దారి. ఖర్చు లెక్కగట్టి లాభం కలపడం ఇంకో దారి. మూడేళ్లలో ఆరుసార్లు టెక్నీషియన్ రావాలి, ఒక్కో రాకకు 400 చొప్పున 2,400. ఫిల్టర్లకు, మెంబ్రేన్‌కు 7,200. మొత్తం ఖర్చు 9,600. దాని మీద ఇలాంటి పనికి మామూలుగా వచ్చే లాభం 25 శాతమైతే ధర 12,000కు తేలుతుంది. ఈ రెండు దారుల్లో వచ్చిన అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే అంచనా మీద నమ్మకం కుదురుతుంది. చాలా తేడా ఉంటే ఎక్కడో ఏదో తప్పిందని ఆడిటర్ అనుమానించాలి.

మూడో దారి ఒకటుంది. తెలిసిన విడి ధరలన్నీ మొత్తంలోంచి తీసేసి, మిగిలింది తెలియనిదానికి వేయడం. చూడ్డానికి సులువే. కానీ ప్రమాణం దీనికి గట్టి కంచె వేసింది. ఆ వస్తువు ధర ఒక్కో వినియోగదారుడికి ఒక్కో రకంగా విపరీతంగా మారుతుంటేనో, ఇంకా ధర నిర్ణయించక ఎన్నడూ విడిగా అమ్మకపోతేనో తప్ప దీన్ని వాడకూడదు. కొన్ని సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఇలాంటివి. మిగిలేది సున్నా అయితే, లేదా దానికి దగ్గరగా ఉంటే, అంత పని ఉన్న బాధ్యతకు విలువే లేదనడం నమ్మదగినదేనా అని మళ్లీ చూసుకోవాలి.

తగ్గింపును అన్నిటికీ సమంగా పంచాలన్న సూత్రానికీ ఒక మినహాయింపు ఉంది. ఇదే కంపెనీ మూడింటినీ తరచు విడివిడిగా అమ్ముతూ, యంత్రాన్నీ బిగింపునూ జతగా తరచు 12,000కే ఇస్తోందనుకుందాం. విడిగా 18,000 అయ్యే జత మీద తగ్గింపు 6,000. మన ప్యాకేజీ మొత్తం తగ్గింపు కూడా సరిగ్గా 6,000. అంటే ఆ తగ్గింపు అంతా జతదేనని, సర్వీసు మీద ఏమీ తగ్గించలేదని రుజువైనట్టు. అప్పుడు సర్వీసు వాటా పూర్తి 12,000 అవుతుంది. మార్చి 31న చూపే ఆదాయం 15,200 నుంచి 13,000కు పడిపోతుంది. అదే యంత్రం, అదే 24,000. అయినా కంపెనీ అమ్మే అలవాటును బట్టి ఏడాది ఆదాయం మారింది. ఇది చాలామంది జారవిడిచే చోటు. లెక్కలు వేసేవారు ఒక్క ప్యాకేజీని చూస్తే సరిపోదు, కంపెనీ ధరల పట్టిక మొత్తం తెలిసుండాలి. ఒకసారి పంచాక మాత్రం, తర్వాత విడి ధరలు మారాయని వాటాలను తిరగదోడకూడదు. ఒప్పందం కుదిరిన రోజు ధరలే దానికి ఆధారం.

అంచనా వేయడానికి వీల్లేకపోతే లెక్కలు ఎంత వంకర పోతాయో ఆపిల్ కథ చెబుతుంది. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు, కొన్నవారికి కొత్త సాఫ్ట్‌వేర్ సదుపాయాలు ఉచితంగా ఇస్తామని కంపెనీ చెప్పింది. ఆ ఉచిత అప్‌డేట్లను విడిగా అమ్మడం లేదు, కాబట్టి విడి ధరకు సాక్ష్యం లేదు. అప్పటి అమెరికా నిబంధనల్లో సాక్ష్యం లేకపోతే విడదీయడానికి వీల్లేదు. ఫలితంగా ఫోన్ చేతిలో పెట్టేసినా, దాని ధర మొత్తాన్నీ 24 నెలల మీద పరిచి ఆదాయంగా చూపాల్సి వచ్చింది. ఐపాడ్ టచ్‌కు ఈ పద్ధతి పాటించలేదు. 2009లో మూడో తరం సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు ఐఫోన్ వాళ్లకు ఉచితంగా ఇచ్చి, ఐపాడ్ టచ్ వాళ్ల దగ్గర 9.95 డాలర్లు తీసుకున్నారు. ఖాతా పుస్తకంలోని పద్ధతి కొనుగోలుదారు జేబు దాకా వచ్చింది.

అదే ఏడాది అమెరికా ప్రమాణాల సంస్థ నిబంధన మార్చింది. సాక్ష్యం దొరకకపోతే కంపెనీ తన ఉత్తమ అంచనాతో పంచవచ్చంది. ఆపిల్ ఒక్కో ఐఫోన్‌లో ఆ అప్‌డేట్ల హక్కుకు 25 డాలర్ల దాకా విలువ కట్టి, దాన్ని మాత్రమే 24 నెలల మీద పరిచింది. మిగతాదంతా అమ్మిన రోజే ఆదాయం. పాత ఖాతాలనూ సవరించి 2010 జనవరిలో మళ్లీ దాఖలు చేసింది. 2009 ఆర్థిక సంవత్సరం అమ్మకాలు దాదాపు 3,650 కోట్ల డాలర్ల నుంచి 4,290 కోట్లకు, లాభం 570 కోట్ల నుంచి 820 కోట్లకు చేరాయి. ఒక్క ఫోన్ కూడా అదనంగా అమ్మలేదు, ఒక్క డాలర్ అదనంగా రాలేదు. నా దృష్టిలో కొత్త పద్ధతే సత్యానికి దగ్గర, ఎందుకంటే కొన్నవాళ్లు చెల్లించింది ప్రధానంగా ఫోన్ కోసమే. అయితే ఆ 25 డాలర్లు యాజమాన్యం తీర్పు. బజారులో ఎవరూ ఇచ్చిన ధర కాదు. ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

షేర్లు ఉన్నవారికి ఒక మాట. వార్షిక నివేదికలో ఆదాయం గురించిన నోట్ తెరవండి. ఏయే బాధ్యతలను విడదీశారో, ధరను పంచడంలో ఏ పద్ధతులు, ఏ అంచనాలు వాడారో కంపెనీ అక్కడ చెప్పి తీరాలి. తర్వాత కాంట్రాక్ట్ లయబిలిటీ నిల్వను రెండు మూడేళ్ల మీద పోల్చండి. ప్యాకేజీ అమ్మకాలు బాగా పెరిగాయని చెబుతూ ఆ నిల్వ తగ్గుతుంటే, సర్వీసు కాలం కుదించారా, పాత ఒప్పందాల గడువు ఒక్కసారే తీరిందా, లేక విడి ధరల అంచనా మార్చారా అన్నది తేలాలి. నివేదికలో జవాబు లేకపోతే వార్షిక సర్వసభ్య సమావేశంలో అడగండి. అడిగే హక్కు ఒక్క షేరు ఉన్నవారికీ ఉంది.