రైతు వెతికే మాటతో స్లైడుకో వాక్యం

వరి తెగుళ్లు, పురుగుల మీద రైతులకు శిక్షణ ఇచ్చే అధికారి దగ్గర ఓ నలభై స్లైడ్లు ఉన్నాయనుకుందాం. తరగతి అయ్యాక వాటిని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపుతారు, కొందరికి పేజీకి ఆరు చొప్పున ముద్రించి చేతికిస్తారు. నెల తరవాత చేలో మచ్చలు కనబడ్డ రోజున ఆ నలభైలో కావలసిన ఒక్కటి రైతుకు దొరకాలి. కానీ స్లైడ్ల మీద శీర్షికలు ‘లక్షణాలు’, ‘లక్షణాలు - 2’, ‘నివారణ’ అని ఉంటాయి. అవి మాట్లాడే మనిషి తన జ్ఞాపకం కోసం పెట్టుకున్నవి. అసలు సంగతి ఫోటోలో ఉంటుంది, ఫోటోలో ఏముందో పీడీఎఫ్‌లో మామూలుగా వెతికితే తెలియదు. అందుకే హ్యాండవుట్ మొదట్లో ఒక సూచిక పెట్టాలి: స్లైడు నంబరు, దాని పక్కన ఒకే ఒక వాక్యం.

ఆ వాక్యం రాయడంలోనే పనంతా ఉంది. ‘లక్షణాలు - 2’ అన్న స్లైడులో వరి ఆకు ఫోటో ఒక్కటే ఉంది. మొదట చేతికొచ్చే వాక్యం ‘అగ్గి తెగులు గురించి’. ఇది తెగులు పేరు ముందే తెలిసిన వాడికే పనికొస్తుంది. రైతుకు తెలిసింది పేరు కాదు, కంటికి కనబడుతున్న మచ్చ. కాబట్టి స్లైడు ఏం చూపిస్తోందో అదే రాయాలి: ‘అగ్గి తెగులు: ఆకు మీద నూలు కండె ఆకారపు మచ్చ, నడుమ బూడిద రంగు, అంచు గోధుమ రంగు’. ఇప్పుడు ‘మచ్చ’ అని వెతికినా, ‘బూడిద’ అని వెతికినా, ‘అగ్గి’ అని వెతికినా ఆ స్లైడే తగులుతుంది. మాటలు మరీ ఎక్కువైతే వాక్యం రెండో వరుసలోకి జారుతుంది, కాగితం మీద వేలు పెట్టి చూసేవాళ్లకు అది ఇబ్బంది.

ఒకే పురుగుకు రెండు పేర్లుంటే రెండూ రాయాలి. ‘కాండం తొలిచే పురుగు, మొగి పురుగు: పిలక దశలో మొవ్వు ఎండుతుంది, ఈనిన తరవాత తెల్లకంకి’. పుస్తకంలో ఉన్న పేరు అధికారి వెతుకుతాడు, ఊళ్లో పేరు రైతు వెతుకుతాడు. సుడిదోమ స్లైడులో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదలమని బొమ్మ ఉంటే ‘యాజమాన్య పద్ధతులు’ అని రాసి సరిపెట్టకండి. ‘సుడిదోమ, దోమపోటు: నాట్లలో 2 మీటర్లకో 20 సెం.మీ. బాట’ అంటే కొందరికి స్లైడు తెరవాల్సిన పని కూడా ఉండదు.

తెలుగులో ఇంకో చిక్కుంది. ఫోనులో వెతుకులాట మామూలుగా అక్షరాలను పోల్చి చూస్తుంది తప్ప వ్యాకరణం జోలికి పోదు. ‘పురుగు’ అని కొడితే ‘పురుగులు’ దొరుకుతుంది, ఎందుకంటే ఆ మాట అందులో యథాతథంగా ఉంది. ‘తెగులు’ అని కొడితే ‘తెగుళ్లు’ దొరకదు. ‘నీరు’ అంటే ‘నీటి’ తగలదు. కనుక వాక్యంలో ముఖ్యమైన మాటను వీలైనంతవరకు ఏకవచనంలో, విభక్తి తగలకుండా, మొదట్లోనే పెట్టాలి. ‘అగ్గితెగులు’ కలిపి రాయడమా, విడదీయడమా అన్నది ఒకసారి నిర్ణయించుకుని చివరిదాకా అలాగే రాయాలి. ‘పూర్తి పేరు కాక చిన్న మాట కొట్టి వెతకండి’ అని సూచిక పైన ఒక్క ముక్క రాస్తే చాలామందికి దారి దొరుకుతుంది.

ఇంత చేసినా ఫాంటు దెబ్బతీయవచ్చు. అను వంటి పాత ఫాంట్లలో కొట్టింది తెరమీద తెలుగులాగే కనబడుతుంది కానీ లోపల ఉన్నవి వేరే గుర్తులు. యూనికోడ్‌లో కొట్టిన మాట వాటితో కలవదు. యూనికోడ్‌లో రాసినా, పీడీఎఫ్ చేసేటప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవడం ఉంది. తెలుసుకోవడం తేలిక: పీడీఎఫ్‌లో ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్ సందేశంలో అతికించి చూడండి. అక్షరాలు చెదిరితే వెతుకులాట కూడా చెదిరినట్టే. అప్పుడు సూచికను విడిగా ఎక్సెల్ ఫైలుగానో, మామూలు సందేశంగానో పంపడం మేలు.

నంబర్ల సంగతి చిన్నదే కానీ తప్పు జరిగేది ఎక్కువగా అక్కడే. ఆఖరి నిమిషంలో మధ్యలో ఒక స్లైడు చేరిస్తే దాని తరవాతి నంబర్లన్నీ జరుగుతాయి. అందుకని వాక్యాన్ని ముందు ఆ స్లైడు కింద ఉండే నోట్సులో రాసుకోవాలి. స్లైడు ఎటు జరిగితే వాక్యమూ అటే వెళుతుంది. సూచికలోకి ఎత్తి రాయడం చిట్టచివరి పని. నంబరు స్లైడు మీద కూడా ముద్రపడాలి. పేజీకి ఆరు వేసినప్పుడు పేజీ నంబరు, స్లైడు నంబరు ఒకటి కావు.

పంపే ముందు తరగతికి రాని ఒకరి చేతికి ఫోను ఇచ్చి, ‘చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోతోంది, ఏ స్లైడు చూడాలి?’ అని అడగండి. ఆ మనిషి ‘ఎండ’ అని కొట్టి సుడిదోమ స్లైడు దొరక్క ఆగిపోతే, సుడిదోమ వాక్యంలో ‘చేను సుడులుగా ఎండుతుంది’ అని చేర్చండి. వరుస నిండిపోతే ఏదో ఒక మాట తీసేయాలి. తీసేసేది ‘యాజమాన్యం’ లాంటి మాట కావాలి.