పంట పోయిన బాధా, మనసుకు పట్టిన జబ్బా?

ఈసారి పురుగు జబ్బు గురించి కాదు, పురుగు మేపే మనిషి గురించి.

చింతామణి పక్క ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు ఒకే షెడ్డులో రెండు వందల గుడ్లు మేపినారు. పేర్లు వద్దు. నాలుగో జ్వరం దాటి, ఆకు బాగా తింటున్న టైములో ముసురు పట్టింది. మూడు రోజుల్లో పాలరోగం షెడ్డంతా పాకింది. నూటా ఇరవై కేజీలైనా దిగాల్సిన చోట పది కేజీలు కూడా దిగలేదు. చచ్చిన పురుగును గుంతలో వేసి, సున్నం చల్లి పూడ్చినారు. ఇద్దరికీ నష్టం సమానం, అప్పు సమానం.

అన్న మొదటి వారం అన్నం సరిగా తినలేదు. రాత్రిళ్ళు లెక్కలు వేసుకుంటూ పడుకున్నాడు. ఎవరన్నా పంట సంగతి అడిగితే కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. కానీ మనవరాలు వచ్చి ఒళ్ళో కూర్చుంటే నవ్వినాడు. పక్కూరి పెళ్ళికి పోయి నలుగురితో మాట్లాడి వచ్చినాడు. పది రోజులకు షెడ్డు కడగడానికి బ్లీచింగ్ పౌడర్ తెచ్చినాడు. ఇది బాధ. పోయినదాన్ని తలుచుకుంటే వస్తుంది, వేరే పనిలో పడితే కాస్త తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. అల మాదిరి వచ్చిపోతూ, రానురాను పలచబడుతుంది. దీనికి మాత్ర అక్కర్లేదు. మనిషి తోడు, కొంచెం టైము చాలు.

తమ్ముడిది వేరేగా నడిచింది. ఏ పనీ లేకున్నా తెల్లవారుజామున మూడింటికే మెలకువ. మళ్ళీ నిద్ర పట్టదు. పొద్దున్నే గుండె మీద బండ పెట్టినట్టు ఉంటుందని భార్యతో అన్నాడు. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయింది. సాయంత్రం కట్ట మీద కూర్చునే స్నేహితులు పిలిచినా పోడు, క్రికెట్ పెట్టినా చూడడు. అడిగిన మాటకు చాలాసేపటికి జవాబు ఇస్తాడు. ఒకరోజు వదినతో అన్నాడు: "నా చెయ్యే మంచిది కాదు వదినా. నేను అడుగు పెడితే పురుగు చస్తుంది. మీకందరికీ నేనే బరువు."

తర్వాతి పంట అన్న ఒక్కడే చూసుకున్నాడు. గూళ్ళు బాగా వచ్చినాయి, మార్కెట్లో రేటు కూడా బాగానే పలికింది. అన్న ఇంటికి వచ్చి డబ్బు చేతిలో పెడితే తమ్ముడు "ఊ" అన్నాడు, అంతే. డబ్బు లెక్క కూడా పెట్టలేదు. అప్పుడు వదినకు అర్థమైంది, ఇది పంట పోయిన బాధ మాత్రమే కాదని. పంట తిరిగి వచ్చినా మనిషి తిరిగి రాలేదు.

డాక్టర్లు దీన్నే డిప్రెషన్ అంటారు. నష్టం ఎంత పెద్దదో చూసి దీన్ని పట్టలేం. చూడాల్సింది మూడు సంగతులు.

మొదటిది కాలం. దిగులు గానీ, దేని మీదా ఇష్టం లేకపోవడం గానీ, రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు వదలకుండా ఉందా? మన లెక్కలో చెప్పాలంటే చాకీ మొదలైన నాటి నుంచి మూడో జ్వరం దాటేంత కాలం.

రెండోది ఎంతవరకు పాకిందనేది. మనసుతో ఆగదు. నిద్ర, ఆకలి, ఒంట్లో సత్తువ, మాటా నడకా నెమ్మదించడం, ఏకాగ్రత, "నేను పనికిరాను, తప్పంతా నాదే" అనే ఆలోచన, చావు గురించిన తలపు, వీటిలో చాలావరకు ఒకేసారి కనిపిస్తాయి. కొందరు మగవాళ్ళలో ఏడుపు కనిపించదు. ఊరికే కోపం, తాగుడు ఎక్కువ కావడం కనిపిస్తుంది. కొందరు ఆడవాళ్ళు ఒళ్ళు నొప్పులు, తలనొప్పి అని మాత్రమే చెబుతారు.

మూడోది పని. స్నానం, తిండి, మేత వేయడం, పిల్లలతో మాట్లాడటం లాంటి రోజువారీ పనులు ఆగిపోతున్నాయా?

ఇక్కడ మన పనిలో ఒక చిక్కుంది. చివరి వారం మేతకు రాత్రి కూడా లేస్తాం, ఆకు కోసి కోసి ఒళ్ళు పులిసిపోతుంది. అప్పుడు నిద్ర లేకపోవడం, అలసట జబ్బు గుర్తు కాదు. గూళ్ళు అమ్మి, షెడ్డు ఖాళీగా ఉన్న రోజుల్లో చూడండి. పని లేనప్పుడు కూడా నిద్ర రాకుంటే, సత్తువ లేకుంటే అనుమానించాలి. ఇంకొక మాట: డిప్రెషన్ ఉన్నవాళ్ళు కూడా ఒక్కోసారి నవ్వుతారు. ఒక్క నవ్వు చూసి "బాగైపోయినాడు" అనుకోవద్దు, రెండు వారాల మొత్తం చూడాలి.

తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. "నాకేం పిచ్చా? బాగానే ఉండాను" అన్నాడు. వదిన వాదించలేదు. "నిద్ర రావడం లేదు కదా అబ్బయ్యా, దానికే చూపిద్దాం పా" అని తాలూకా ఆసుపత్రికి పిలుచుకొని పోయింది. డాక్టరు ముందు రక్తపరీక్ష రాసినారు. ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే డీలా పడతాడు. ఆ రిపోర్టులు బాగానే ఉన్నాయి. తర్వాత మానసిక వైద్యులు మాట్లాడి మాత్రలు ఇచ్చినారు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మొదటి రెండు వారాల్లో తమ్ముడికి కొంచెం వికారం తప్ప ఏ మార్పూ కనిపించలేదు. "ఈ మాత్రలు పనిచేయవు" అన్నాడు. ఈ మందులు సాధారణంగా పనిచేయడం మొదలు కావడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడో వారం నిద్ర కుదిరింది, తర్వాత ఆకలి, అందరికంటే చివర మనసు. రెండు నెలలకు చంద్రికలు సర్దడానికి తనే షెడ్డుకు వచ్చినాడు. బాగైందని మాత్ర మానేస్తానంటే డాక్టరు వద్దన్నారు: బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, మానేటప్పుడు వాళ్ళు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇవి మత్తుమందు మాదిరి అలవాటు పడే మాత్రలు కావు. జబ్బు కొంచెమే ఉంటే కొందరికి మాత్ర లేకుండా కౌన్సెలింగ్‌తోనే నయమవుతుంది. అది డాక్టరు తేల్చాలి.

రెండు వారాలు ఆగకూడని సందర్భం ఒకటుంది. చావు గురించి మాట్లాడినా, "నేను లేకుంటే మీకు మేలు" అన్నా, అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. తోటకు కొట్టే మందులు, షెడ్డు మందులు అన్నీ ఆ ఇంటి నుంచి తీసి వేరే ఇంట్లో తాళం వేయండి. వదిన చేసిన మొదటి పని అదే.

రాత్రి ఆసుపత్రి దూరమైతే, లేదా ఎవరిని అడగాలో తెలియకుంటే, 14416కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వం నడిపే టెలి మానస్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పడదు. తెలుగులో, కన్నడలో, తమిళంలో మాట్లాడొచ్చు. జబ్బు పడినవాళ్ళే చేయాలని లేదు, ఇంట్లోవాళ్ళు చేసినా దారి చెబుతారు. ఈ నంబరును ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.